ఆ వర్గం కాకతాళీయం కాదు

ఒకటి నుంచి మొదలుపెట్టి వరస సంఖ్యల ఘనాలను కూడుతూ పోతే ఎక్కడ ఆగినా చేతికి వచ్చేది ఒక వర్గమే. మొదట 1. దానికి 8 కలిపితే 9. ఆపైన 27 కలిపితే 36, 64 కలిపితే 100, 125 కలిపితే 225. వీటి వర్గమూలాలు 1, 3, 6, 10, 15. అవి కొత్త సంఖ్యలేమీ కావు, అవే సంఖ్యల మామూలు మొత్తాలు: 1, 1+2, 1+2+3, అలా. అంటే ఘనాలు చేసి కూడినా, ఊరికే కూడి ఆ మొత్తాన్ని వర్గం చేసినా ఫలితం ఒకటే. దీన్ని గురించి మన తరగతి గదుల్లో, గైడు పుస్తకాల్లో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఇదొక చిత్రమైన కాకతాళీయమని, గణితానుగమనంతో నిజమని తేలింది కాబట్టి ఇంక తెలుసుకోవలసింది లేదని, సూత్రం గుర్తుంటే చాలని. గరివిడిలోనో చీపురుపల్లిలోనో ఇంటర్ చదివే విద్యార్థినే కాదు, రాష్ట్రంలో ఏ మూల చదివినవారిని అడిగినా వచ్చే జవాబు ఇదే: n²(n+1)²/4, రుజువు ఏడు మార్కులు. ఈ అభిప్రాయం తప్పు. ఈ సంబంధానికి కారణం ఉంది. ఆ కారణం సూత్రం కంటే చిన్నది, సులువైనది. అది తెలియనివారు సూత్రం ఎక్కడ పనిచేయదో కూడా తెలియక పొరబడతారు.

కారణం కోసం దూరం పోనక్కర్లేదు. ప్రాథమిక పాఠశాల గోడమీద ఉండే ఎక్కాల పట్టిక చాలు. ఒకటో ఎక్కం నుంచి ఐదో ఎక్కం దాకా, ఒక్కోదాన్ని ఐదు వరకే రాసి, ఐదు వరసలు, ఐదు నిలువులుగా పేర్చండి. మొదటి వరసలో 1, 2, 3, 4, 5. వాటి మొత్తం 15. రెండో వరసలో ప్రతిదీ రెట్టింపు, మొత్తం 30. తర్వాతి వరసలు 45, 60, 75. అంతా కలిపితే 15కు ఒక రెట్టు, రెండు రెట్లు, మూడు, నాలుగు, ఐదు రెట్లు, అంటే 15 సార్లు 15. పట్టికలో ఉన్నదంతా కలిపితే 225. మామూలు మొత్తపు వర్గం అన్నది ఏదో బీజగణిత వ్యవహారం కాదు, ఎక్కాల పట్టికలోని అంకెలన్నిటి కూడిక అది.

ఇప్పుడు అదే పట్టికను వరసలుగా కాకుండా మరోలా కూడుదాం. పై ఎడమ మూలలో ఉన్న 1ని విడిగా తీయండి. దాని చుట్టూ వడ్రంగి మూలమట్టంలాగా మడత పడిన పట్టీ ఒకటుంది: 2, 4, 2. వీటి మొత్తం 8. దాని బయట ఇంకో మూలమట్టం: 3, 6, 9, 6, 3. మొత్తం 27. ఆ బయటిది 4, 8, 12, 16, 12, 8, 4. మొత్తం 64. చిట్టచివరిది 5తో మొదలై 25 దాకా ఎక్కి మళ్లీ 5కు దిగుతుంది. మొత్తం 125. ఘనాలు వాటంతట అవే ఒక్కో మూలమట్టంలో వచ్చి కూర్చున్నాయి. ఎందుకు కూర్చున్నాయో కూడా కనిపిస్తూనే ఉంది. ఐదో మూలమట్టంలోని ప్రతి అంకెలో 5 ఉమ్మడిగా ఉంది. దాన్ని బయటికి తీస్తే మిగిలేది 1+2+3+4+5+4+3+2+1. ఐదు గళ్లు పొడుగు, ఐదు గళ్లు వెడల్పు ఉన్న చదరంలో ఏటవాలు గీతల వెంట గళ్లు లెక్కపెడితే వచ్చే వరస సరిగ్గా ఇదే, కాబట్టి దాని మొత్తం 25. ఐదు సార్లు ఇరవై ఐదు, అంటే ఐదు ఘనం. ఐదు చోట ఏ సంఖ్య పెట్టినా ఈ మాటల్లో ఒక్కటి కూడా మారదు. ఒకే పట్టికను వరసలుగా కూడితే మొత్తపు వర్గం, మూలమట్టాలుగా కూడితే ఘనాల మొత్తం. రెండూ సమానం కావడం ఎలా కాకతాళీయం అవుతుంది? అవి సమానం కాకపోతేనే ఆశ్చర్యపడాలి.

సంగతి చాలా పాతది. ఆర్యభటుడు 499లో రచించిన ఆర్యభటీయంలోని గణితపాదంలో, మొత్తపు వర్గమే ఘనాల మొత్తమని సూటిగా చెప్పాడు. ఆ తర్వాత వెయ్యేళ్లకు కేరళలో నీలకంఠ సోమయాజి తన ఆర్యభటీయ భాష్యంలో ఇటువంటి సూత్రాలకు బొమ్మలతో, పేర్పులతో ఉపపత్తులు ఇచ్చాడు. పాశ్చాత్య గ్రంథాల్లో దీనికి నికోమేకస్ పేరు పెడతారు. క్రీస్తు శకం వందో సంవత్సరం ప్రాంతంలో ఉన్న ఆయన గమనించింది బేసి సంఖ్యల గుంపులను: 1; 3+5; 7+9+11; 13+15+17+19. ఒక్కో గుంపు ఒక్కో ఘనం, ఎందుకంటే మూడో గుంపులో మూడు సంఖ్యలున్నాయి, వాటి సగటు 9. నాలుగో గుంపులో నాలుగున్నాయి, సగటు 16. నాలుగు గుంపులకు కలిపి వాడిన బేసి సంఖ్యలు 1+2+3+4, అంటే పది. మొదటి పది బేసి సంఖ్యలు కూడితే పది వర్గం. ఇక్కడా అదే కథ, దారి వేరు. ఎవరు ముందు అన్న తగవు నాకు ముఖ్యం కాదు. ఈ సంబంధాన్ని పట్టుకున్న పాతవాళ్లు దాన్ని అంకెల పేర్పులోంచి చూశారు. ఆ చూపును తీసేసి కేవలం సూత్రాన్ని మిగుల్చుకున్నది మనం.

గణితానుగమనాన్ని తక్కువ చేస్తున్నానని ఎవరైనా అంటే, అది నా ఉద్దేశం కాదు. రుజువుగా దానిలో లోపం లేదు. కానీ మన పరీక్ష పేపర్లలో అది ఎలా నడుస్తుందో చూడండి. k వరకు నిజమని అనుకుని k²(k+1)²/4 రాస్తారు. దానికి (k+1)³ కలుపుతారు. (k+1)²/4 ఉమ్మడిగా బయటికి తీస్తారు. లోపల k²+4(k+1) మిగులుతుంది. అది (k+2)² అని గుర్తుపట్టగానే పని అయిపోతుంది. సరిగ్గా ఆ ఆఖరి అడుగులోనే విద్యార్థికి అనుమానం రావాలి: అది వర్గం ఎందుకైంది, అదృష్టమా? రుజువు దానికి బదులు చెప్పదు. పైగా గణితానుగమనానికి జవాబు ముందే చేతిలో ఉండాలి. ఉన్న జవాబును అది ధ్రువపరచగలదు, లేనిదాన్ని వెతికి తేలేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. అనుగమనంలోని అడుగు, ఎక్కాల పట్టికలోని మూలమట్టం నిజానికి ఒకటే కదా, వేషం మాత్రమే వేరు కదా అంటారు. నిజమే, ఒకటే. అందుకే నేను కోరేది రుజువును పారేయమని కాదు, వేషం తీయమని. k వరకు మామూలు మొత్తాన్ని T అందాం. దానికి k+1 కలిపి వర్గం చేస్తే, పాత వర్గం మీద పెరిగేది (k+1)(2T+k+1). T రెండింతలు k(k+1) అని చిన్నప్పుడే తెలుసు. కాబట్టి బ్రాకెట్టులో ఉన్నది k(k+1)+(k+1), అంటే (k+1)². పెరిగినది (k+1)³. రెండు పంక్తుల్లో తేలిపోయింది. నాలుగుతో భాగించడం లేదు, అదృష్టవశాత్తు వర్గమైన బహుపది లేదు. పాత మొత్తం రెండింతలకు కొత్త సంఖ్య కలిపితే ఆ కొత్త సంఖ్య వర్గం వస్తుందన్న ఒక్క సంగతి మీద మొత్తం నిలబడింది. పాఠ్యపుస్తకపు రుజువులోనూ ఈ సంగతి ఉంది, కానీ T కనిపించకుండా దాన్ని విస్తరించి రాయడం వల్ల కప్పు పడిపోయింది.

కప్పు పడితే నష్టమేమిటని అడగవచ్చు. 3 నుంచి 7 వరకు ఘనాల మొత్తం అడగండి. సూత్రాన్ని మాత్రమే గుర్తుపెట్టుకున్నవారు చేసే సహజమైన పొరపాటు ఒకటుంది: 3+4+5+6+7 అంటే 25, దాని వర్గం 625. కానీ 27, 64, 125, 216, 343 కూడి చూస్తే 775. నూట యాభై తేడా. జాగ్రత్త గలవారు 28 వర్గంలోంచి 3 వర్గం తీసేసి 784−9=775 తెచ్చుకుంటారు, మంచిదే. కానీ ఆ 150 ఎక్కడ తప్పిపోయిందో వారూ చెప్పలేరు. కాకతాళీయం అనుకున్నవారికి అది చెప్పే దారే లేదు.

చెప్పిన మనిషి మనకున్నాడు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చుకున్నది ఆ గ్రంథాన్నే. అంటే ఇది తెలుగువారికి పరాయి సంప్రదాయం కాదు. మహావీరుడు ఒకటితో మొదలయ్యే వరస దగ్గర ఆగలేదు. ఏ సంఖ్యతో మొదలైనా, ఎంత పదాంతరంతో పెరిగినా, అంకశ్రేఢిలోని పదాల ఘనాల మొత్తానికి నియమం ఇచ్చాడు. మొదటి పదం a, పదాంతరం d, పదాల మామూలు మొత్తం S అయితే, ఘనాల మొత్తం d×S² + a(a−d)×S. మొదటి పదం పదాంతరం కంటే చిన్నదైతే రెండో ముక్క రుణమవుతుంది, అంటే దాన్ని కలపడం తీసివేత అవుతుంది. మన 3 నుంచి 7 లెక్కలో పెట్టి చూడండి: S=25, d=1, a=3. మొదటి ముక్క 625. రెండోది 3×2×25, అంటే 150. తప్పిపోయిన 150 దొరికింది.

అది ఎలా తప్పిపోయిందో మూలమట్టాలు చూపిస్తాయి. ఈసారి పట్టికలో వరసలూ నిలువులూ 3తో మొదలవుతాయి. మొదటి గడిలో 9 ఉంటుంది, కానీ 3 ఘనం 27, కాబట్టి 18 తక్కువ. తర్వాతి మూలమట్టంలో 12, 16, 12, మొత్తం 40. కావలసింది 64, తక్కువ 24. ఆ తర్వాతిది 15, 20, 25, 20, 15, మొత్తం 95. కావలసింది 125, తక్కువ 30. 18, 24, 30 అంటే 3కు, 4కు, 5కు ఆరు రెట్లు. ప్రతి మూలమట్టం తన సంఖ్యకు ఆరు రెట్లు తక్కువ పడుతోంది. పట్టికలో మనం వదిలేసిన 1, 2 నిలువులు, వరసల వాటా అది. ఆ ఆరు మహావీరుడి a(a−1), అంటే 3×2. అన్నీ కూడితే 25కు ఆరు రెట్లు, 150. ఒకటితో మొదలుపెడితే a−1 సున్నా అవుతుంది, తక్కువ పడేది ఏమీ లేదు. శుద్ధమైన వర్గం రావడం వెనక ఉన్న అసలు సంగతి ఇదే: ఒకటికి ముందు వదిలేయడానికి సంఖ్య ఏదీ లేదు.

అదే నియమం బేసి సంఖ్యలకు కూడా జవాబిస్తుంది. 1, 3, 5 వరసకు a=1, d=2, S=9. 81కి రెండు రెట్లు 162, అందులోంచి 9 తీసేస్తే 153. కూడి చూడండి, 1+27+125 కూడా 153. ఇక్కడ వర్గం రాలేదు, ఎందుకు రాలేదో కూడా తెలిసింది. సరిసంఖ్యలకు a, d రెండూ 2, కాబట్టి రెండో ముక్క మాయమై 2×S² మిగులుతుంది: 2, 4 ఘనాలు కలిపితే 72, మొత్తం 6, దాని వర్గానికి రెండింతలు 72. ఒక నిజం ఎక్కడ పూర్తిగా పనిచేస్తుందో, ఎక్కడ ఎంత మేరకు తగ్గుతుందో లెక్కకట్టగలిగినప్పుడు దాన్ని కాకతాళీయం అనే హక్కు ఎవరికీ లేదు.

అయినా ఇంకా మొండిగా అనేవారుంటారు: వరస సంఖ్యలకు ఇలా కుదిరింది, ఇంకో పాతిక రకాల వరసలకు కూడా కుదరవచ్చు, ఇందులో ప్రత్యేకత ఏముంది అని. ప్రయత్నించి చూద్దాం. ధన సంఖ్యల వరస ఏదైనా తీసుకోండి, షరతు ఒక్కటే: ఎక్కడ ఆగినా అప్పటిదాకా ఘనాల మొత్తం, మామూలు మొత్తపు వర్గం సమానం కావాలి. మొదటి సంఖ్య ఘనం దాని వర్గానికి సమానం, కాబట్టి అది 1. రెండోది x అయితే 1+x³ = (1+x)². సర్దితే x²−x=2, కాబట్టి x=2. మూడోదానికి x²−x=6, అంటే 3. నాలుగోదానికి x²−x=12, అంటే 4. ప్రతిసారీ కుడివైపు వచ్చేది అప్పటిదాకా ఉన్న మొత్తానికి రెండింతలు, దానికి ధన జవాబు ఒక్కటే, అది తర్వాతి సంఖ్యే. వేరే వరసకు చోటు లేదు. షరతులో పూర్ణసంఖ్యలు అన్న మాట కూడా లేదని గమనించండి. భిన్నాలకు, దశాంశాలకు తలుపు తెరిచే ఉంచాం, అయినా 1, 2, 3, 4 మాత్రమే లోపలికి వచ్చాయి. లెక్కపెట్టే సంఖ్యల వరసను ఈ సంబంధమే నిర్దేశిస్తోందన్నమాట. ఇక్కడ ఒక హద్దు మాత్రం చెప్పాలి. ఎక్కడ ఆగినా అన్న షరతు సడలిస్తే వేరేవీ వస్తాయి: 1, 2, 2, 4 కూడితే 9, వర్గం 81, ఘనాలు 1, 8, 8, 64, వాటి మొత్తమూ 81. కానీ మూడో సంఖ్య దగ్గర ఆగితే 17, 25 వస్తాయి, అక్కడే తప్పిపోయింది.

మరి ఐదో ఘాతాలకు, మొత్తపు ఘనానికి ఇలాంటి బంధం ఎందుకు లేదు, ఘనాల దగ్గరే ఆగిపోయిందంటే అది కేవలం అదృష్టమే కదా అన్నది చివరి అభ్యంతరం. 1+32=33; 3 ఘనం 27. నిజమే, కుదరలేదు. కానీ అదే పనిముట్టుతో తవ్వండి. మొత్తపు ఘనం ఒక్కో అడుగులో ఎంత పెరుగుతుందో చూస్తే, ఆ పెరుగుదలకు నాలుగింతలు అంటే మూడింతల n⁵, దానితో పాటు ఒక n³ అని తేలుతుంది. అంటే ఐదో ఘాతాల మొత్తానికి మూడింతలు, ఘనాల మొత్తం కలిపితే మామూలు మొత్తపు ఘనానికి నాలుగింతలు. 2 దగ్గర సరిచూస్తే 99+9=108, నాలుగు సార్లు 27 కూడా 108. జర్మనీలోని ఉల్మ్ పట్టణపు యోహాన్ ఫౌల్‌హాబర్ 1631లో అచ్చువేసిన గ్రంథంలో బేసి ఘాతాల మొత్తాలను ఇలా మామూలు మొత్తంతోనే రాస్తూ చాలా దూరం పోయాడు. బంధం తెగలేదు. వర్గం చేసినప్పుడు పెరుగుదలలో ఒకే ఒక్క ఘాతం మిగులుతుంది, ఘనం చేసినప్పుడు రెండు మిగులుతాయి. ఒక్కటే మిగిలిన చోట సమానత శుద్ధంగా కనిపించింది, అంతే.

పోటీ పరీక్షల ఒత్తిడిలో ఇదంతా చెప్పే తీరిక ఎక్కడిదని అధ్యాపకులు అడిగితే అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఇక్కడ కావలసింది అదనపు సమయం కాదు. T పెట్టి రాసిన రుజువు ఇప్పుడు రాస్తున్నదానికంటే పొట్టిది. పట్టికను బోర్డు మీద గీయడానికి పట్టే సమయం సూత్రాన్ని వల్లెవేయించడానికి పట్టే సమయం కంటే ఎక్కువ కాదు. మారవలసింది ప్రశ్న. n²(n+1)²/4 అని నిరూపించుము అన్న చోట, 3 నుంచి 7 వరకు ఘనాల మొత్తానికీ ఆ సంఖ్యల మొత్తపు వర్గానికీ తేడా ఎంత, ఆ తేడా ఒక్కో మూలమట్టానికి ఎంత చొప్పున వచ్చింది, ఒకటితో మొదలైతే అది ఎందుకు ఉండదు అని అడగవచ్చు. జవాబు రాయడానికి ఒక పట్టిక, మూడు నాలుగు పంక్తులు, 6×25=150 అన్న లెక్క చాలు. అదే ఏడు మార్కుల్లో ఇది ఇమిడిపోతుంది.